వాలు మీద పెట్టె, కాగితం మీద బాణాలు

ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ చదివే పిల్లలున్న ఇంట్లో ఈ రకం లెక్క ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. 30 డిగ్రీల వాలుగా ఆనించిన చెక్క పలక. దాని మీద 10 కిలోల పెట్టె. కింద నుంచి పైకి ఒక్క తోపు తోసి చేయి తీసేస్తే, సెకనుకు 6 మీటర్ల వేగంతో ఎక్కడం మొదలుపెట్టింది. పెట్టెకూ పలకకూ మధ్య ఘర్షణ గుణకం జారుతున్నప్పుడు 0.3, కదలకుండా ఉన్నప్పుడు 0.4. చేయి తీశాక పెట్టె మీద పనిచేసే బలాలన్నిటినీ బాణాలుగా గీయాలి. అంటే స్వేచ్ఛా వస్తు పటం గీయాలి. ఆ తర్వాత ఫలిత బలం ఎంతో, ఎటువైపో చెప్పాలి.

ఒక విద్యార్థి ఇలా రాశాడనుకుందాం. భారం 98 న్యూటన్లు, నిట్టనిలువుగా కిందికి. పలక ఇచ్చే అభిలంబ బలం 98 న్యూటన్లు, నిట్టనిలువుగా పైకి. వాలు వెంబడి కిందికి 49 న్యూటన్ల బాణం మరొకటి. వాలు వెంబడి పైకి ‘తోపు బలం’ అని ఇంకో బాణం, దాని పక్కన అంకె లేదు. ఘర్షణ 98లో 0.3 వంతు, అంటే 29.4 న్యూటన్లు, వాలు కిందికి. చివర 49కి 29.4 కలిపి, ఫలిత బలం 78.4 న్యూటన్లు అన్నాడు.

సరైన జవాబు 74.5 న్యూటన్లు. నాలుగు న్యూటన్ల తేడాయే కాబట్టి ఎక్కడో గుణకారంలో పొరపాటు పడ్డాడని అనిపిస్తుంది. నిజానికి గుణకారాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, తప్పంతా పటంలో ఉంది. అందుకే ఇలాంటి జవాబును చూసేటప్పుడు అంకెల దగ్గర మొదలుపెట్టకూడదు. ముందు బాణాల దగ్గర ఆగాలి.

ఒక్కో బాణం మీద వేలు పెట్టి, ‘ఈ బలాన్ని పెట్టె మీద ఎవరు చూపిస్తున్నారు?’ అని అడగండి. దూరం నుంచి లాగేది ఈ లెక్కలో భూమి ఒక్కటే. తక్కినవన్నీ పెట్టెను తాకుతున్న వస్తువుల నుంచే రావాలి. పెట్టెను తాకుతున్నది పలక. గాలిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. పలక రెండు విధాలుగా పనిచేస్తుంది: తన ఉపరితలానికి లంబంగా నెడుతుంది, ఉపరితలం వెంబడి రాపిడి పెడుతుంది. భూమి నుంచి ఒకటి, పలక నుంచి రెండు, మొత్తం మూడు బాణాలు. మన విద్యార్థి అయిదు గీశాడు. బాణాలు మూడుకు తగ్గినా ఇదే ప్రశ్న పట్టిస్తుంది, ఎందుకంటే తాకుతున్న ప్రతి వస్తువుకూ పటంలో వాటా కనబడాలి. పెట్టెకు తాడు కట్టి ఉంటే ఆ తాడుకూ ఒక బాణం ఉండాలి.

ఎక్కువైన రెండింటిలో ‘తోపు బలం’ చాలా మొండిది. చేయి తీసేశాక తోపు ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. పెట్టెకు మిగిలింది వేగం, అది బలం కాదు. కానీ పైకి పోతోందంటే పైకి ఏదో నెడుతూ ఉండాలని మనసు పట్టుబడుతుంది. అమెరికా పరిశోధకుడు జాన్ క్లెమెంట్ 1982లో ప్రచురించిన అధ్యయనంలో, పైకి ఎగరేసిన నాణెం మీద బలాలు గీయమంటే ఇంజినీరింగ్ విద్యార్థులు కూడా చాలామంది పైకి ఒక బాణం గీశారు. కాబట్టి మీ పిల్లవాడు ఆ బాణం గీస్తే శ్రద్ధ లేక గీశాడనుకోవద్దు. ఎవరిస్తున్నారో చెప్పమనండి. జవాబు దొరకనప్పుడు తనే చెరిపేస్తాడు.

49 న్యూటన్ల బాణం సంగతి వేరు. దాన్ని ఎవరిస్తున్నారంటే ‘భూమి’ అని జవాబు వస్తుంది. అయితే భూమి వాటా 98 న్యూటన్ల భారంగా ముందే పటంలోకి వచ్చేసింది. 49 అనేది ఆ భారంలోనే వాలు వెంబడి పడే భాగం. భారాన్ని రెండు భాగాలుగా విడదీయదలచుకుంటే చుక్కల గీతతో గీయాలి, లేదా పక్కన వేరే బొమ్మ వేసుకోవాలి. అసలు బాణం పక్కనే దాని భాగాన్నీ నిండు గీతతో గీస్తే ఒకే బలాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది.

ఇప్పుడు ఆ రెండు బాణాలనూ చెరిపేసి మిగిలిన పటాన్ని చూడండి. కిందికి 98, పైకి 98, వాలు కిందికి ఘర్షణ. మొదటి రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఒక్క క్షణం ఘర్షణ కూడా లేదనుకుందాం, నూనె రాసినంత నున్నటి పలక. ఈ పటం ప్రకారం ఆ పలక మీద ఉంచిన పెట్టె జారకుండా నిలబడాలి! అది జరగదని పసిపిల్లలకూ తెలుసు. కాబట్టి అభిలంబ బలం దిశ తప్పు. పలక తన ఉపరితలానికి లంబంగానే నెట్టగలదు. పలక ఒరిగితే ఆ బాణమూ అంతే ఒరగాలి. దొంగ బాణం ఒకటి ఈ తప్పును ఇంతసేపూ కప్పిపెట్టింది. తప్పుడు దిశ వల్ల పోయిన 49 న్యూటన్లను అదే తెచ్చి పూడ్చింది. ఇలాంటి జవాబుల్లో అసలు ప్రమాదం ఇదే, రెండు తప్పులు కలిసి ఒక మంచి అంకెనిస్తాయి.

దిశ సరిచేశాక పరిమాణం. పెట్టె పలకలోకి దిగిపోదు, పలక మీంచి ఎగిరిపోదు. అంటే పలకకు లంబంగా ఉన్న దిశలో బలాలన్నీ కలిసి సున్నా కావాలి. ఆ దిశలో భారం వాటా 98 ఇంటు కొసైన్ 30, దాదాపు 85 న్యూటన్లు. అభిలంబ బలమూ అంతే ఉండాలి. దాన్ని 98గానే ఉంచితే 13 న్యూటన్లు పెట్టెను పలక మీంచి లేపేస్తాయి. అసలు ఆ బాణమే గీయకపోతే 85 న్యూటన్లు పెట్టెను చెక్కలోకి దింపేస్తాయి. తిన్నని పలక మీద ఫలిత బలం పలక వెంబడే ఉండాలి. అది ఏ కాస్త పక్కకు వాలినా పటంలో ఒక బలం తప్పిపోయిందో, దిశ తప్పిందో, కొలత తప్పిందో అన్నట్టే.

సైన్, కొసైన్ తారుమారు చేసే అలవాటు చాలామందికి ఉంది. దాన్ని పట్టుకోవడానికి పలకను మనసులోనే నేలకు ఆనించండి. కోణం సున్నా అయితే పెట్టెను జార్చే బలం కూడా సున్నా కావాలి. కొసైన్ వాడినవాళ్లకు చదును నేల మీద భారం మొత్తం పెట్టెను పక్కకు లాగుతుంది. త్రికోణమితి రానివాళ్లకు ఇంకో దారి ఉంది. వాలు వెంబడి బలానికీ భారానికీ ఉన్న నిష్పత్తి, పలక ఎత్తుకూ పొడవుకూ ఉన్న నిష్పత్తే. ఈ సంగతిని సైమన్ స్టెవిన్ 1586లోనే, రెండు వాలుల మీద గోళాల దండ వేసి అది తనంతట తాను తిరుగుతూ ఉండలేదని వాదించి తేల్చాడు. 30 డిగ్రీల పలక 2 మీటర్ల పొడవుంటే 1 మీటరు ఎత్తుకు లేస్తుంది, అందుకే 98లో సగం, 49. అన్నట్టు, 45 డిగ్రీల లెక్కతో పిల్లలను పరీక్షించకండి. అక్కడ సైన్, కొసైన్ సమానం కనుక తారుమారు చేసినా జవాబు సరిగ్గానే వస్తుంది.

ఇక ఘర్షణ. ‘వాలు మీద ఘర్షణ ఎప్పుడూ పైకే’ అని బట్టీపట్టినవాళ్లు పెట్టె పైకి పోతున్నప్పుడు కూడా పైకే గీస్తారు. ఘర్షణ వాలును చూడదు, జారుడును చూస్తుంది. పెట్టె పైకి జారుతుంటే ఘర్షణ కిందికి, కిందికి జారుతుంటే పైకి. పరిమాణం 85లో 0.3 వంతు, 25.5 న్యూటన్లు. కాబట్టి ఎక్కేటప్పుడు ఫలిత బలం 49 ప్లస్ 25.5, అంటే 74.5 న్యూటన్లు, వాలు కిందికి. వేగం పైకి, ఫలిత బలం కిందికి. ఇందులో వైరుధ్యం లేదు, పెట్టె నెమ్మదిస్తోందని దాని అర్థం. దిగేటప్పుడు 49 మైనస్ 25.5, అంటే 23.5 న్యూటన్లు. దిశ అదే, బలం మూడోవంతు కంటే తక్కువ.

మధ్యలో పెట్టె ఆగే క్షణం ఒకటుంది. అక్కడ వేగం సున్నా కాబట్టి ఫలిత బలమూ సున్నా అని రాసేస్తారు. కదలని పెట్టెను పలక పట్టి ఉంచగలిగే గరిష్ఠ ఘర్షణ 85లో 0.4 వంతు, 34 న్యూటన్లు. లాగుతున్నది 49. పట్టు చాలదు, పెట్టె వెనక్కి జారుతుంది. గుణకం 0.6 ఉన్న గరుకు పలక అయితే గరిష్ఠం 51, పెట్టె ఆగిపోతుంది. అప్పుడు ఘర్షణ ఎంత? 51 కాదు, 49. గరిష్ఠం అంటే పట్టుకు హద్దు మాత్రమే, అవసరమైనంతే పలక ఇస్తుంది. 51 అని రాస్తే వాలు పైకి 2 న్యూటన్లు మిగులుతాయి. నిశ్చలంగా ఉన్న పెట్టె తనంతట తానే కొండెక్కాలన్నమాట.

చివరి తనిఖీ బలాల లెక్కకు పూర్తిగా బయటి నుంచి వచ్చేది, శక్తి లెక్క. బయల్దేరేటప్పుడు పెట్టె గతిజ శక్తి 180 జౌళ్లు. ఎక్కేటప్పుడు దాన్ని నెమ్మదింపజేసే త్వరణం 7.45, కాబట్టి అది దాదాపు 2.42 మీటర్లు ఎక్కి ఆగుతుంది. రానూపోనూ 4.84 మీటర్ల దారిలో 25.5 న్యూటన్ల ఘర్షణ 123 జౌళ్లను వేడిగా మారుస్తుంది. 57 జౌళ్లు మిగులుతాయి, అంటే తిరిగొచ్చే వేగం సెకనుకు 3.4 మీటర్లు. బలాల దారిలో, దిగే త్వరణం 2.35తో లెక్కించినా అదే 3.4 వస్తుంది. తిరుగు ప్రయాణంలో ఘర్షణ దిశ మార్చడం మరచిపోయినవాళ్లకు పెట్టె మళ్లీ 6 మీటర్ల వేగంతోనే చేతికొస్తుంది. పలక అంతసేపు రాసుకుని కూడా ఒక్క జౌలు వేడి పుట్టలేదంటే నమ్మగలమా?

ఈ తనిఖీకి ఒక హద్దుంది. ఘర్షణను 25.5కు బదులు 29.4గా తీసుకుని రెండు దారుల్లోనూ అదే వాడితే రెండూ చక్కగా కలుస్తాయి, తప్పు బయటపడదు. దాన్ని పట్టేది పలకకు లంబంగా చూసే సున్నా లెక్క ఒక్కటే. అందుకే శక్తి లెక్క కలిసిందని ఆ మెట్టును దాటేయకూడదు.

ఇంట్లో పిల్లలకు ఇదే పెట్టెను, ఇవే గుణకాలతో 15 డిగ్రీల వాలు మీద తోయించి చూడండి. అక్కడ పెట్టె ఆగాక వెనక్కి రాదు. ఆగి ఉన్నప్పుడు ఘర్షణ ఎంతో అడగండి. 25.4 న్యూటన్లు, వాలు పైకి అంటే పటం సరిగ్గా గీసినట్టే. 37.9 అంటే మాత్రం హద్దును జవాబుగా రాశారు, పటం దగ్గరికి వెనక్కి పంపండి.