లేని చుక్కలు ఎక్కడి నుంచి వస్తాయి?

బ్యాంకు ఉద్యోగాల కోసం దరఖాస్తు చేసినవాళ్లకు 200 × 230 అనే అంకెలు గుర్తుండే ఉంటాయి. ఐబీపీఎస్ దరఖాస్తులో అడిగే ఫొటో కొలత అది. అడ్డంగా 200 పిక్సెళ్లు, నిలువుగా 230. ఫైలు 20 కేబీ నుంచి 50 కేబీ మధ్య ఉండాలి. దరఖాస్తు గడిలో ఆ ముఖం చక్కగా, స్పష్టంగా కనిపిస్తుంది. కొన్నేళ్ల తర్వాత ఆ మనిషి ఫొటో గోడకు పెట్టాలనుకున్నప్పుడు, ఎంత వెతికినా ఆ చిన్న ఫైలు ఒక్కటే దొరకడంతో చిక్కు మొదలవుతుంది. దాన్ని ఫొటో స్టూడియోకు వాట్సాప్‌లో పంపి, ‘‘అన్నా, ఎయిట్ బై టెన్ కావాలి, పెద్దది చేసి కాస్త క్లియర్ చెయ్యి’’ అంటారు. పెద్దది చేయడం స్టూడియో అతనికి నిమిషం పని. క్లియర్ చేయడం మాత్రం మామూలు ఎడిటర్‌తో అయ్యేది కాదు. ఎందుకు కాదో లెక్క వేసి చూద్దాం.

మంచి ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలని స్టూడియోల్లో అనుకుంటారు. 8 అంగుళాల వెడల్పుకు 2,400 పిక్సెళ్లు కావాలి. మన దగ్గర ఉన్నవి 200. అంటే ఫొటోను 12 రెట్లు సాగదీయాలి. వెడల్పూ ఎత్తూ రెండూ 12 రెట్లు పెరుగుతాయి కాబట్టి, పాత ఫొటోలో ఒక్క పిక్సెల్ ఉన్న చోట కొత్త ఫొటోలో 144 పిక్సెళ్లు వస్తాయి. అందులో ఒక్కదానికే కెమెరా సాక్ష్యం ఉంది. మిగతా 143 పిక్సెళ్లను ఎడిటర్ తనే పుట్టించాలి. ఫొటో మసకబారడానికి మూలం ఇక్కడే ఉంది.

వాటిని ఎడిటర్ ఎలా పుట్టిస్తుందో చూడటానికి ముఖం మొత్తం అక్కర్లేదు, ఒక్క అంచు చాలు. నల్ల కోటు, దాని పక్కనే తెల్ల చొక్కా ఉన్నాయనుకోండి. కంప్యూటర్ దృష్టిలో పిక్సెల్ అంటే ఒక అంకె. కటిక నలుపు 0, తెల్లటి తెలుపు 255. కోటు నుంచి చొక్కా వైపు వెళ్లే ఒక వరుసలో 40, 40, 200, 200 అనే నాలుగు పిక్సెళ్లు ఉన్నాయి. కోటు 40 దగ్గర ఆగింది, వెంటనే చొక్కా 200 దగ్గర మొదలైంది. మధ్యలో ఏమీ లేదు. అందుకే చిన్న ఫొటోలో ఆ అంచు కత్తిరించినట్టు కనిపిస్తుంది.

లెక్క సులువుగా ఉండటానికి ఈ వరుసను నాలుగు రెట్లే పెంచుదాం. 40కీ 200కీ మధ్య ఇప్పుడు మూడు కొత్త పిక్సెళ్లు పడతాయి. వాటిలో ఏ అంకెలు రాయాలి? ఎడిటర్‌కు అది కోటని గానీ చొక్కా అని గానీ తెలియదు. దానికి తెలిసింది అటూ ఇటూ ఉన్న అంకెలే. కాబట్టి వాటి మధ్య సమంగా మెట్లు వేస్తుంది: 40, 80, 120, 160, 200. ఎడిటర్లలో Bilinear లేదా Linear అని కనిపించే పద్ధతి ఇదే. లెక్కలో తప్పేమీ లేదు. కానీ 80, 120, 160 అనేవి కోటు రంగూ కాదు, చొక్కా రంగూ కాదు. అవి ఆ రెంటి మధ్య కొత్తగా పుట్టిన బూడిదరంగు.

ఫొటో షార్ప్‌గా ఉందని మన కన్ను ఎప్పుడు అంటుంది? నలుపు తెలుపుగా మారడానికి పట్టే దూరం ఎంత తక్కువైతే అంత షార్ప్ అంటుంది. మొదట ఆ మార్పు ఒక్క పిక్సెల్‌లో అయిపోయేది. ఇప్పుడు అదే 160 అంకెల తేడా నాలుగు పిక్సెళ్ల మీద పరుచుకుంది. మన 12 రెట్ల ఫ్రేములో 12 పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. కాగితం మీద అది దాదాపు ఒక మిల్లీమీటరు. కాలరు అంచుకు, పెదవి అంచుకు, కనురెప్పకు, ప్రతిదానికీ ఒక మిల్లీమీటరు మేర బూడిదరంగు పట్టీ తగులుకుంటుంది. మనం మసక అంటున్నది దాన్నే.

మధ్య రంగులు వద్దనుకుంటే ఉన్న అంకెనే మళ్లీ మళ్లీ రాయవచ్చు: 40, 40, 40, 40, 200, 200, 200, 200. ఫొటోషాప్‌లో దీని పేరు Nearest Neighbor. గింప్‌లో Interpolation దగ్గర None అని పెడితే ఇదే జరుగుతుంది. అంచు పదునుగానే ఉంటుంది. కానీ ప్రతి పిక్సెల్ ఒక గడిగా మారి, బుగ్గ మీద మెట్లు మెట్లుగా తేలుతుంది. పాత వీడియో గేముల బొమ్మలను పెంచడానికి ఇది చక్కటి పద్ధతి. మనిషి ముఖానికి పనికిరాదు.

ఈ రెంటికంటే మెరుగైనది Bicubic. దీని లెక్కను చిత్రాల కోసం స్థిరపరచిన పేరున్న వ్యాసాన్ని రాబర్ట్ కీస్ 1981లో ప్రచురించాడు. ఇది పక్కన ఉన్న రెండు అంకెలతో ఆగకుండా వరుసలో నాలుగు అంకెలను చూసి, వాటి మీదుగా ఒక వంపు గీస్తుంది. మన అంచును దీనితో పెంచితే కోటు వైపు నుంచి అంకెలు ఇంచుమించు ఇలా వస్తాయి: 40, 36, 30, 29, 40, 72, 120, 168, 200, 211, 210, 204, 200. ఒకసారి నిదానంగా చూడండి. ఎక్కుడు కాస్త నిటారుగా ఉంది, 80 ఉన్నచోట 72, 160 ఉన్నచోట 168 వచ్చాయి. అందుకే బైలీనియర్ కంటే ఇది కొంచెం పదునుగా కనిపిస్తుంది. కానీ ఎక్కబోయే ముందు 29కి దిగింది, ఎక్కాక 211 దాకా వెళ్లింది. ఆ కోటులో 29 అంత నలుపు ఎక్కడా లేదు, ఆ చొక్కాలో 211 అంత తెలుపూ లేదు. పెద్ద ప్రింటులో తల చుట్టూ, భుజాల చుట్టూ సన్నటి తెల్లని గీత వెలుగులా కనిపించిందంటే కారణం ఇదే. పద్ధతి ఎంత మంచిదైనా, అది చేసేది పాత అంకెల మీదుగా నున్నటి దారి వేయడమే. ఆ దారిలో కొత్త విషయం ఏమీ ఉండదు.

మరి అసలు విషయం ఎక్కడికి పోయింది? అది పెంచినప్పుడు పోలేదు, కుదించిన రోజే పోయింది. ఫోను కెమెరా ఆ ముఖాన్ని 3,000 పిక్సెళ్ల వెడల్పుతో తీసింది అనుకుందాం. దరఖాస్తు కోసం దాన్ని 200కు తగ్గించారు. 15 అడ్డం, 15 నిలువు, మొత్తం 225 పిక్సెళ్లు కలిసి ఒక్కటయ్యాయి. ఆ ఒక్కదానిలో రాసింది స్థూలంగా వాటి సగటు. మీసంలోని వెంట్రుకలు నలుపు, వాటి సందుల్లో చర్మం తెలుపు. సగం 40, సగం 200 ఉంటే సగటు 120. అసలు వెంట్రుకే లేని, అంతటా 120 ఉన్న బూడిదరంగు గుడ్డను కుదించినా సగటు 120 వస్తుంది. ఇద్దరు పిల్లల మార్కుల సగటు 50 అని మాత్రమే చెబితే ఇద్దరికీ 50 చొప్పున వచ్చాయో, ఒకరికి 100, ఇంకొకరికి సున్నా వచ్చాయో ఎవరూ చెప్పలేరు. ఎడిటర్ ముందు ఉన్నదీ అదే ప్రశ్న. 120 చూసి అది మీసమా గుడ్డా అన్నది అది తేల్చుకోలేదు. అందుకే అన్ని సాధ్యాలకూ మధ్యేమార్గంగా నున్నటి బూడిదరంగు పూస్తుంది.

దీనికి ఒక హద్దు కూడా ఉంది. నల్లచార, తెల్లచార పక్కపక్కన ఉన్నాయని నమోదు కావాలంటే ఆ జంటకు కనీసం రెండు పిక్సెళ్లు దక్కాలి. క్లాడ్ షానన్ 1949లో గణితంగా నిరూపించిన సూత్రం సారాంశం ఇదే. 200 పిక్సెళ్ల ఫొటోలో ముఖానికి దక్కేది సుమారు 100 పిక్సెళ్లు, ఒక కంటికి 20. కనురెప్ప వెంట్రుక ఒక్క పిక్సెల్‌లో చిన్న భాగం కూడా ఉండదు. అది ఆ ఫైలులోకి రానే లేదు.

దీనికి తోడు జేపెగ్ ఇంకో నష్టం చేస్తుంది. అది చిత్రాన్ని 8 × 8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో సన్నని తేడాలను వదిలేస్తుంది. ఫైలును ఎంత ఎక్కువ కుదిస్తే అంత ఎక్కువ వదిలేస్తుంది. చిన్న సైజులో ఆ గడులు కంటికి ఆనవు. 12 రెట్లు పెంచితే ఒక్కో గడి 8 మిల్లీమీటర్ల చదరమై నుదుటి మీద మచ్చల్లా తేలుతుంది. మీ ప్రింటులో మసకతో పాటు చదరాలు కూడా కనిపిస్తే అది కుదింపు చేసిన నష్టమని గుర్తుపట్టవచ్చు.

చాలామంది చివరి ఆశగా షార్పెన్ నొక్కుతారు. అది చేసేది అంచుకు ఒకవైపు నలుపును ఇంకాస్త నలుపుగా, రెండోవైపు తెలుపును ఇంకాస్త తెలుపుగా మార్చడం. ఉన్న అంచు గట్టిపడుతుంది, లేని వెంట్రుక మొలవదు. కొద్దిగా వేస్తే ప్రింటుకు మేలే. ఎక్కువైతే తెల్ల గీతలూ జేపెగ్ చదరాలూ కూడా పదునెక్కి ముఖం మైనపు బొమ్మలా తయారవుతుంది. డీపీఐ అంకె మార్చడం మీద ఉన్న నమ్మకం ఇంకా వృథా. ఫొటోషాప్‌లో Image Size తెరిచి, Resample టిక్కు తీసేసి 72ను 300 చేస్తే ఫొటోలో ఒక్క పిక్సెల్ కూడా మారదు, ప్రింటు కొలత మాత్రం చిన్నదవుతుంది. టిక్కు ఉంచి మారిస్తే పిక్సెళ్లు పెరుగుతాయి, కానీ అవి పైన చెప్పుకున్న లెక్కతో పుట్టినవే.

మరి ఫ్లెక్సీల మీద చిన్న ఫొటోలు బాగానే ఉంటాయి కదా అని అడగవచ్చు. అది దూరం వల్ల. మామూలు కన్ను ఒక అడుగు దూరం నుంచి అంగుళానికి సుమారు 300 చుక్కలను విడదీసి చూడగలదు. పది అడుగుల దూరం నుంచి 30 చుక్కలే చూడగలదు. మన 200 పిక్సెళ్లను 8 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 25 అసలు పిక్సెళ్లు. కాబట్టి ఆ ఫ్రేమును పన్నెండు అడుగుల దూరం నుంచి చూస్తే మసక పెద్దగా తెలియదు. దగ్గరికి వెళ్లి కళ్లలోకి చూడబోతేనే తెలుస్తుంది. గోడ మీది ఫొటోను మనం అలా దగ్గరికి వెళ్లే చూస్తాం.

చేయదగ్గ పని ఎడిటర్‌కు బయట ఉంది. దరఖాస్తు ఫొటోకు ముందు తీసిన అసలు ఫొటో ఫోనులోనో, గూగుల్ ఫొటోస్‌లోనో, స్టూడియో కంప్యూటర్‌లోనో ఉందేమో వెతకండి. అది లేకపోతే కాగితం మీది పాస్‌పోర్ట్ సైజు ఫొటో దొరికినా మేలే. 35 × 45 మిల్లీమీటర్ల ఆ ప్రింటు 300 డీపీఐలో వేసిందైతే అందులో 413 × 531 పిక్సెళ్ల వివరం ఉంటుంది, మన ఫైలుకు వెడల్పులో రెట్టింపు. దాన్ని ఫోనుతో ఫొటో తీయకుండా స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేయించండి. పాత రీలు నెగెటివ్ దొరికితే ఇంకేం కావాలి! 36 × 24 మిల్లీమీటర్ల ఫ్రేమును 2,400 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 3,400 × 2,270 పిక్సెళ్లు వస్తాయి, 8 × 10కు హాయిగా సరిపోతాయి. ఏదీ దొరక్కపోతే సైజు తగ్గించుకోవడమే మర్యాద. 200 పిక్సెళ్ల ఫొటోను రెండు అంగుళాల వెడల్పుతో వేయించి, చుట్టూ వెడల్పాటి తెల్ల మౌంట్ పెట్టి ఫ్రేము కట్టించండి. ఆ ముఖం పోల్చుకునేలా ఉంటుంది.

ఫ్రేముకు ఇచ్చేముందు కంప్యూటర్‌లో ఫైలు మీద కుడి క్లిక్ చేసి Properties, అందులో Details తెరిచి, Dimensions చూడండి. ఎదురుగా చూసే ఫ్రేముకు అంగుళానికి కనీసం 150 పిక్సెళ్లైనా ఉండాలి, అంటే 8 × 10కు 1,200 × 1,500. వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, పిక్సెళ్లు తగ్గకుండా వెళ్తాయి. దరఖాస్తు కోసం ఫొటో కుదించినప్పుడు చిన్నదాన్ని వేరే పేరుతో సేవ్ చేయండి, పెద్దదాన్ని మాత్రం చెరపకండి.