కొత్త పౌడర్‌కు మార్కెట్ ఎంత? రెండు లెక్కలు

పురుగుల పడకపై చల్లే కొత్త పౌడర్ చేసి పెట్టుబడి అడగబోతున్నారా? "మార్కెట్ ఎంత?" అని ముందే అడుగుతారు. ఉదాహరణకు ఈ అంకెలు తీసుకుందాం.

పైనుంచి లెక్క: తాలూకాలో 3,000 మంది రైతులు, ఏడాదికి 5 పంటలు, పంటకు 100 గుడ్లు. వంద గుడ్లకు 4 కిలోలు, కిలో ₹100. మొత్తం ₹60 లక్షలు.

కిందినుంచి లెక్క: మన పౌడర్ అమ్మిపెట్టే చాకీ కేంద్రాలు ఐదు. అన్నీ కలిపి నెలకు 30,000 గుడ్ల చాకీ ఇస్తాయి. పదిమందిలో ఒకరు కొంటే నెలకు 120 కిలోలు, ఏడాదికి ₹1.44 లక్షలే.

ఇంత తేడా ఎందుకు? ఆ కేంద్రాలది తాలూకా గుడ్లలో నాలుగో వంతు కూడా కాదు, అందులోనూ కొనేది పదో వంతే.

పిచ్‌లో రెండూ చూపండి, రాబడిగా మాత్రం రెండోదే చెప్పండి. ఆ 'పదిలో ఒకరు' ఊహ కాకూడదు. ఉచిత శాంపిల్ పట్టుకెళ్లినవాళ్లను కాదు, తర్వాతి పంటకు డబ్బిచ్చి మళ్లీ కొన్నవాళ్లను లెక్కపెట్టండి.