వైఫై లిస్టులో తెలియని డివైజ్‌లు కనిపిస్తున్నాయా? బ్లాక్ కొట్టే ముందు ఇవి చూడండి

ఇంట్లో నాలుగే ఫోన్లు, టీవీలు ఉంటే రౌటర్ పేజీలో మాత్రం తొమ్మిది డివైజ్‌లు కనెక్ట్ అయినట్టు చూపిస్తోంది. స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే 'ఎవరో హ్యాక్ చేశారు' అంటూ కంగారు మొదలవుతుంది. నిజానికి అందులో చాలావరకు ఇంటివే అయి ఉంటాయి. అయితే నిజంగా బయటివాళ్లు ఉంటే మాత్రం తేలిగ్గా వదిలేయకూడదు.

ఎందుకో 2008లోనే తెలిసింది. ఆ ఏడాది జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు టీవీ చానళ్లకు బెదిరింపు మెయిల్ వచ్చింది. ఐపీ అడ్రస్ పట్టుకుని వెళ్లిన పోలీసులకు దొరికింది నవీ ముంబైలోని ఒక అమెరికా పౌరుడి ఇల్లు. ఆయన వైఫైని వేరేవాళ్లు వాడుకున్నారని తేలేలోపు విచారణ ఎదుర్కోవాల్సి వచ్చింది. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే మొదట ఆ గుమ్మానికే వస్తారు.

ఉదాహరణకు కరీంనగర్ మంకమ్మతోటలో ఒక ఇల్లు అనుకుందాం. కింద ఓనర్లు, పైన కిరాయికి ఉన్న కుటుంబం. కూతురు ఆదిలాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సెలవులకు వస్తుంది. ఇంజినీరింగ్ చదివే కొడుకు బ్రౌజర్‌లో `192.168.1.1` కొట్టి రౌటర్ పేజీ తెరిచాడు. కొన్ని కంపెనీల రౌటర్లకు ఇది `192.168.0.1`, జియో ఫైబర్‌కైతే `192.168.29.1`. లాగిన్ వివరాలు రౌటర్ వెనక స్టిక్కర్ మీద ఉంటాయి. లిస్టులో తొమ్మిది కనిపించాయి. నాన్న ఫోన్, అమ్మ ఫోన్, తన ల్యాప్‌టాప్, టీవీ పేర్లతోనే ఉన్నాయి. మిగిలిన ఐదు ఇవి:

```
ESP_5C21A7  24:0A:C4:5C:21:A7  WiFi 2.4G
Unknown     44:19:B6:10:3E:52  LAN
iPhone      6A:91:2D:C7:08:F3  WiFi 5G
Unknown     CE:05:7B:44:A1:9D  WiFi 5G
Unknown     B2:E8:36:1C:70:5F  WiFi 2.4G
```

పేరు కాదు, నంబర్ చూడాలి

లిస్టులో కనిపించే పేరును నమ్మలేం. ఫోన్ సెట్టింగ్స్‌లో ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. పనికొచ్చేది పక్కనున్న 12 అక్షరాల మ్యాక్ అడ్రస్. అందులో మొదటి ఆరూ తయారు చేసిన కంపెనీని చెబుతాయి. ఇంటర్నెట్‌లో మ్యాక్ లుకప్ అని వెతికి ఆ ఆరు మాత్రమే ఇస్తే కంపెనీ పేరు వచ్చేస్తుంది.

మొదటిది `24:0A:C4`. ఇది ఎస్ప్రెసిఫ్ అనే చిప్‌ల కంపెనీది. ఆ పేరుతో మన దగ్గర ఫోన్లు అమ్మరు కాబట్టి చాలామంది భయపడేది దీన్ని చూసే. స్మార్ట్ బల్బులు, స్మార్ట్ ప్లగ్‌ల లోపల ఎక్కువగా ఉండేవి ఈ చిప్‌లే. హాల్లో మొబైల్‌తో వెలిగే బల్బు ఉంది, లెక్క సరిపోయింది. రెండోది సీసీ కెమెరాలు చేసే కంపెనీది, పైగా LAN అని ఉంది. అంటే వైఫై కాదు, కేబుల్‌తో రౌటర్‌కు తగిలించినది. గేటు కెమెరా రికార్డర్ అదే. కేబుల్ మీద ఉన్నది ఏదో తెలుసుకోవాలంటే రౌటర్ నుంచి వైరు పట్టుకుని వెళ్తే చాలు.

మిగతా మూడింటికి లుకప్‌లో ఏ కంపెనీ పేరూ రాదు. అసలు గందరగోళం ఇక్కడే. మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, A, E లలో ఒకటైతే అది కంపెనీ ఇచ్చిన నంబర్ కాదు, ఫోన్ తనంతట తాను తయారు చేసుకున్న ప్రైవేట్ నంబర్. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగానే ఇలా చేస్తున్నాయి. మన కదలికలను ఎవరూ వెంబడించకుండా పెట్టిన ఏర్పాటు ఇది. కానీ దీనివల్ల సొంత ఫోనే ఇంట్లో దొంగలా కనిపిస్తుంది.

ఒకే ఫోన్, రెండు వరుసలు

ఫోన్ ప్రతి వైఫై పేరుకీ వేరే నంబర్ వాడుతుంది. రౌటర్ 2.4 జీకి ఒక పేరు, 5 జీకి ఇంకో పేరు పెట్టి ఉంటే, రెండింటికీ కనెక్ట్ అయిన ఫోన్ లిస్టులో రెండుసార్లు వస్తుంది. `CE:05` కథ అదే. అమ్మ ఫోన్‌లో వైఫై మీద నొక్కి వివరాలు తెరిస్తే ఇదే నంబర్ కనిపించింది. ఐఫోన్‌లో Private Wi-Fi Address అనే చోట ఈ నంబర్ ఉంటుంది.

ఇక `6A:91`. ఇంట్లో ఐఫోన్ ఎవరికీ లేదు. "అక్కా, ఇది నీ ఫోనేనా?" అని కొడుకు ఆదిలాబాద్‌కు ఫోన్ చేసి అడిగితే ఆమె తన నంబర్ చూసి అవునంది. కానీ ఆమె నిన్న సాయంత్రమే వెళ్లిపోయింది కదా! రౌటర్ ఇచ్చిన ఐపీకి గడువు ఉంటుంది, చాలా రౌటర్లలో 24 గంటలు. అప్పటిదాకా మనిషి ఊరు దాటినా లిస్టులో పేరు ఉండిపోవచ్చు. అందుకే DHCP లిస్టు కాకుండా వైర్‌లెస్ సెక్షన్‌లో ఇప్పుడు కనెక్ట్ అయి ఉన్నవాటి లిస్టు చూడాలి.

మిగిలింది `B2:E8` ఒక్కటే. ఇంట్లో ఎవరి ఫోన్‌లోనూ ఆ నంబర్ లేదు. ఇలాంటప్పుడు చేయాల్సిన పరీక్ష సింపుల్. ల్యాప్‌టాప్ ఒక్కటి ఉంచి ఇంట్లో అన్ని ఫోన్ల వైఫై, టీవీ, బల్బు ఆపేయాలి. ఐదు నిమిషాలు ఆగి వైర్‌లెస్ లిస్టు రిఫ్రెష్ చేయాలి. అన్నీ ఆపినా అది అలాగే ఉంది. అంటే ఇది బయటిదే.

బ్లాక్ చేస్తే ఆగుతుందా?

పేజీలోనే Block బటన్ ఉంటుంది, చేయి దాని మీదికే పోతుంది. కానీ అది ఆపేది ఆ నంబర్‌ను మాత్రమే, మనిషిని కాదు. అవతలివాళ్లు ఫోన్‌లో ప్రైవేట్ నంబర్ ఆప్షన్ మార్చితే కొత్త నంబర్‌తో మళ్లీ లోపలికి వస్తారు. వాళ్ల దగ్గర పాస్‌వర్డ్ ఉన్నంతకాలం ఇది ఇలాగే సాగుతుంది. మార్చాల్సింది పాస్‌వర్డే. ఇంటి ఫోన్ నంబరో, పేరూ పుట్టిన సంవత్సరమో కాకుండా కనీసం 12 అక్షరాలు పెట్టాలి. సెక్యూరిటీ WPA2 లేదా WPA3 ఉండాలి, WPS ఆఫ్ చేయాలి. రౌటర్ పేజీ లాగిన్ పాస్‌వర్డ్ కూడా అప్పుడే మార్చాలి. లేదంటే ఇన్నాళ్లూ లోపల ఉన్నవాళ్లకు ఆ పేజీ కూడా తెలిసి ఉండొచ్చు.

దీంట్లో కష్టం లేకపోలేదు. కొత్త పాస్‌వర్డ్‌ను ప్రతి ఫోన్‌లో కొట్టాలి, టీవీలో రిమోట్‌తో ఒక్కో అక్షరం ఎక్కించాలి, స్మార్ట్ బల్బునైతే మొదటి నుంచి సెట్ చేయాలి. ఒక సాయంత్రం పోతుంది.

స్క్రీన్‌షాట్ ఎవరికైనా పంపేముందు మ్యాక్ అడ్రస్‌లో చివరి ఆరు అక్షరాలు, పబ్లిక్ ఐపీ, సీరియల్ నంబర్, వైఫై పాస్‌వర్డ్ చెరిపేయాలి. కంపెనీ కనిపెట్టడానికి మొదటి ఆరు చాలు.

పాస్‌వర్డ్ మార్చిన మర్నాడు ఆ ఇంట్లో ఏమవుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. పై పోర్షన్ పిల్లాడు మెట్లు దిగి వచ్చి "అంకుల్, వైఫై వస్తలేదేంది?" అని అడుగుతాడు. ఎప్పుడో ఆన్‌లైన్ పరీక్ష ఉందంటే ఓనరే చెప్పిన పాస్‌వర్డ్ అది, చెప్పినవాళ్లే మర్చిపోయారు. ఇవ్వాలనుకుంటే రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టి ఇవ్వొచ్చు. అప్పుడు వాళ్లకు నెట్ వస్తుంది. ఇంటి ల్యాప్‌టాప్, కెమెరా రికార్డర్ మామూలుగా వాళ్లకు కనిపించవు. గెస్ట్‌లో ఎవరెవరు ఉన్నారో లిస్టు విడిగా చూసుకోవచ్చు. కాకపోతే బయటికి వెళ్లే ఐపీ మాత్రం ఓనర్‌దే, కాబట్టి తెలిసినవాళ్లకు తప్ప ఇవ్వకపోవడమే మంచిది.