చుక్కలకూ మాటలకూ ముడి ఎక్కడ పడుతుంది?

కంప్యూటర్‌కు ఫొటో అంటే అంకెల పట్టిక. అడ్డంగా 224, నిలువుగా 224 చుక్కలున్న చిన్న ఫొటోనే తీసుకుందాం. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు చెప్పే మూడేసి అంకెలు. అన్నీ కలిపితే లక్షన్నర. చెరువులో గేదె ఉన్న ఫొటో అయినా సరే, ఆ లక్షన్నరలో ‘గేదె’ అని ఎక్కడా రాసి ఉండదు. ఆ ముడి ఎలా పడుతుందో చూడాలంటే ఓపెన్‌ఏఐ సంస్థ 2021 జనవరిలో ప్రకటించిన ‘క్లిప్’ మోడల్‌ను విప్పి చూడాలి.

అంతకుముందు మనుషులు కూర్చుని ప్రతి ఫొటోకూ ఒక పేరు తగిలించేవారు. ఆ జాబితాలో లేని పేరు యంత్రానికి తెలిసేది కాదు. క్లిప్ కోసం ఇంటర్నెట్‌లో ఫొటోల పక్కన జనం ఎప్పుడో రాసుకున్న వాక్యాలనే పోగుచేశారు. అలా 40 కోట్ల జతలు పోగయ్యాయి.

ఇందులో రెండు యంత్రాలుంటాయి. ఒకటి బొమ్మను చదివేది, ఇంకొకటి వాక్యాన్ని చదివేది. బొమ్మ యంత్రాల్లో చిన్న రకం ఒకటి ఫొటోను ఏడు వరసలు, వరసకు ఏడు చొప్పున 49 గళ్లుగా కోస్తుంది. తర్వాత 12 అంచెల్లో ప్రతి గడీ మిగతా గళ్లను చూసి తన అంకెలను దిద్దుకుంటుంది. కొమ్ము ఒక గడిలో, మూతి ఇంకో గడిలో పడినా అవి ఒకే జంతువువని తేలేది అక్కడే. చివరికి ఫొటో మొత్తం 512 అంకెలుగా కుదించుకుపోతుంది. వాక్యం కూడా అటువైపు 512 అంకెలే అవుతుంది. ఈ రెండు వరసలూ ఎంత దగ్గరగా ఉన్నాయో ఒక్క అంకెతో కొలవవచ్చు. అది ఒకటికి దగ్గరైతే రెండూ ఒకే దిక్కును చూస్తున్నట్టు, సున్నా అయితే సంబంధం లేనట్టు.

మొదట్లో ఆ అంకెలకు అర్థం ఉండదు. అర్థం తెచ్చేది బడిలో మనం రాసిన ‘జతపరచుము’ లాంటి పరీక్ష. కాకపోతే ఇక్కడ ఒక్కో విడతలో 32,768 ఫొటోలు ఒకవైపు, వాటి వాక్యాలు మరోవైపు ఉంటాయి. ప్రతి ఫొటోకూ ఒక్కటే సరైన వాక్యం, మిగిలినవన్నీ తప్పే. వాక్యం వైపు నుంచి ఫొటోనూ ఇలాగే వెతకాలి.

మన ఫొటోకు ‘చెరువులో గేదె’ 0.28 దగ్గర, ‘గడ్డి మేస్తున్న ఆవు’ 0.27 దగ్గర వచ్చాయనుకుందాం. ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే గానీ లెక్క అసలుదే. శిక్షణ చివరికొచ్చేసరికి మోడల్ ఈ కొలతలను 100 రెట్లు పెంచి, వాటిని సంభావ్యతగా మారుస్తుంది. ఈ రెంటి మధ్యే పోటీ అయితే గేదెకు 73 శాతం, ఆవుకు 27 శాతం వస్తుంది. ఆ 27 శాతమే తప్పు. దాన్ని తగ్గించడానికి రెండు యంత్రాల్లోని మీటలు రవ్వంత కదులుతాయి. ఫొటో గేదె వాక్యం వైపు జరుగుతుంది, ఆవు వాక్యానికి దూరమవుతుంది. కొలతలు 0.30, 0.25 అయితే చాలు, గేదె వాటా 99 శాతం దాటిపోతుంది.

గేదె ఎక్కడుందో ఎవరూ గీత గీసి చూపలేదు. అయినా వేల వాక్యాల్లో ఆ మాట వచ్చినప్పుడల్లా చెరువు మారింది, వెలుతురు మారింది, పక్కనున్న మనుషులు మారారు. మారకుండా నిలిచింది నల్లని ఒళ్లు, వెనక్కి వంగిన కొమ్ములు. ఆ మాటకు అంటుకున్నవి అవే.

అయితే పరీక్షలో మార్కు తెచ్చేది ఏదైనా సరే యంత్రం నేర్చేసుకుంటుంది. ఫొటోలో కనిపించే అక్షరాలు చాలాసార్లు పక్కనున్న వాక్యంలోనూ ఉంటాయి. పుస్తకం అట్ట, దుకాణం బోర్డు అలాంటివే. అందుకే క్లిప్‌కు అక్షరాలు చదవడం అబ్బింది. ఓపెన్‌ఏఐ పరిశోధకులే ఒక ఆకుపచ్చ ఆపిల్ పండును చూపిస్తే, అది ఏ రకం ఆపిలో 85.6 శాతం నమ్మకంతో సరిగ్గా చెప్పింది. అదే పండుకు ‘ఐపాడ్’ అని చేత్తో రాసిన కాగితం అంటిస్తే 99.7 శాతం నమ్మకంతో ఐపాడ్ అనేసింది.

దీనికంటే లోతైన లోపం ఇంకొకటి ఉంది. ‘బల్బు చుట్టూ మొక్కలు’, ‘మొక్కల చుట్టూ బల్బు’. మాటలు అవే, బొమ్మలు మాత్రం వేరు. 2022లో వచ్చిన ‘వినోగ్రౌండ్’ పరీక్షలో ఇలాంటి జంటలు 400 ఇస్తే, క్లిప్‌తో పాటు అప్పటి మోడళ్లేవీ గుడ్డిగా ఊహించినదానికంటే పెద్దగా మెరుగుపడలేదు. కారణం ఆ జతపరచుమే. 32,768 వాక్యాల్లో బల్బూ మొక్కలూ కలిసి వచ్చేది బహుశా ఒక్కటే. ఆ రెండు మాటలూ పట్టుకుంటే జవాబు దొరికిపోతుంది. ఏది దేని చుట్టూ ఉందో చూడాల్సిన అవసరం యంత్రానికి ఎప్పుడూ రాలేదు. ఒకే విడతలో మాటలు తారుమారు చేసిన తప్పు వాక్యాలను కావాలని చొప్పించి మళ్లీ నేర్పితే ఈ లోపం కొంత తగ్గిందని తర్వాతి పరిశోధనలు చూపాయి.