ఆ ఒక్క వాక్యం ఎందుకుంది?

దగ్గరి బంధువు చనిపోవడంతో 2022 నవంబరులో కెనడాలో ఒకాయన విమానం టికెట్టు కోసం ఎయిర్‌ కెనడా చాట్‌బాట్‌ని అడిగాడు. టికెట్టు కొన్నాక 90 రోజుల్లోగా దరఖాస్తు చేసుకున్నా రాయితీ వస్తుందని చెప్పిందది. తీరా చూస్తే ప్రయాణం అయ్యాక ఆ రాయితీ ఇవ్వరు! చాట్‌బాట్‌ మాటకీ సంస్థదే బాధ్యతంటూ 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్‌ కొలంబియా ట్రైబ్యునల్‌ పరిహారం ఇప్పించింది.

ఇలాంటి తప్పు బయటపడగానే డెవలపర్లు సాధారణంగా చేసే పని, చాట్‌బాట్‌కి ముందుగా ఇచ్చే సూచనల్లో ఒక వాక్యం చేర్చడం. ఆ సూచనలనే 'ప్రాంప్ట్‌' అంటారు. మరి ఆ వాక్యం రాసిన మనిషి ఉద్యోగం మారితే? దాని వెనకున్న కథ కూడా ఆయనతోపాటే వెళ్లిపోతుంది. అలా కాకుండా చూసేదే హ్యాండోవర్‌ నోట్‌... అంటే వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకి రాసిచ్చే అప్పగింత పత్రం.

ఉదాహరణకి, బస్సు టికెట్ల చాట్‌బాట్‌ ఒకటుందనుకుందాం. 'రీఫండ్‌ ఎంతొస్తుందో నువ్వు లెక్క చెప్పకు, నిబంధనల పేజీ చూపించు' అని దాని ప్రాంప్ట్‌లో ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకి అది పెడసరంగా అనిపిస్తుంది. తీసేస్తారు. రెండుమూడు ప్రశ్నలు వేసి చూస్తే అంతా బాగానే ఉంటుంది. కొన్నాళ్లకి పాత తప్పు మళ్లీ మొదలు!

మంచి నోట్‌ అయితే ఆ వాక్యం పక్కనే కారణం రాస్తుంది: ప్రయాణికుడు అడిగిన ప్రశ్న అక్షరం పొల్లుపోకుండా, వచ్చిన తప్పు జవాబు, తేదీ. అదే ప్రశ్న పదిసార్లు వేస్తే నాలుగుసార్లు తప్పింది, వాక్యం చేర్చాక ఒక్కసారీ తప్పలేదు... ఇలా లెక్కతో సహా. ఒక్కసారి అడిగి చూస్తే చాలదు. ఎందుకంటే జవాబుల్లో తేడాని అదుపుచేసే 'టెంపరేచర్‌'ని సున్నాకి దించినా ప్రతిసారీ ఒకే జవాబు వస్తుందన్న హామీ లేదు.

సెట్టింగుల్లో మోడల్‌ పేరు ఒక్కటే రాస్తే సరిపోదు, వెర్షన్‌ కూడా ఉండాలి. పాత వెర్షన్లని తయారీదారులు ఆపేస్తుంటారు. కొత్తదానికి మారిన రోజున నోట్‌లోని ప్రశ్నలన్నీ మళ్లీ వేసి చూడాల్సిందే. జవాబు పొడవుకి పెట్టిన పరిమితికీ కారణం రాయాలి. అదే విషయం చెప్పడానికి ఇంగ్లిషుకన్నా తెలుగుకి సాధారణంగా ఎక్కువ టోకెన్లు ఖర్చవుతాయి. ఇంగ్లిషుని చూసి పరిమితి పెడితే తెలుగు జవాబు సగం వాక్యంలోనే ఆగిపోతుంది.

ఇక తేలని సమస్యలు. మన బస్సు చాట్‌బాట్‌నే తీసుకుంటే, తెలుగుని ఇంగ్లిషు అక్షరాల్లో టైప్‌ చేసి అడిగితే పదిలో మూడుసార్లు ఇంకా రీఫండ్‌ లెక్క చెప్పేస్తోందనుకోండి. 'అప్పుడప్పుడూ తప్పుతోంది' అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ ప్రశ్నకి తప్పుతోంది, ఏమేం ప్రయత్నించారు, ఏది పనిచేయలేదు- అన్నీ రాస్తేనే తర్వాతివాళ్లు అక్కణ్నుంచి మొదలుపెడతారు. లేదంటే ఆ తప్పుని ముందుగా కనిపెట్టేది టికెట్టు రద్దు చేసుకున్న ప్రయాణికుడే!