ముప్పై నాలుగు సెకన్ల లెక్క

బ్యాంకు క్లర్కు ఉద్యోగాలకు ఐబీపీఎస్ జరిపే ప్రిలిమ్స్ పరీక్షలో వంద ప్రశ్నలుంటాయి, గంట సమయం ఉంటుంది. ఇంగ్లిష్‌లో 30, గణితంలో 35, రీజనింగ్‌లో 35 ప్రశ్నలు వస్తాయి. గంటను అభ్యర్థి తన ఇష్టం వచ్చినట్టు పంచుకోవడానికి వీల్లేదు. ఒక్కో విభాగానికి 20 నిమిషాలు గడవగానే కంప్యూటరే తర్వాతి విభాగానికి తీసుకుపోతుంది. ఒకదానిలో మిగిలిన సమయం ఇంకోదానికి కలవదు. రీజనింగ్‌లో 20 నిమిషాలంటే 1200 సెకన్లు. వాటిని 35 ప్రశ్నలకు పంచితే ఒక్కోదానికి 34 సెకన్లు వస్తాయి. ప్రశ్న చదవడం, ఆలోచించడం, రఫ్ కాగితం మీద గీయడం, జవాబు నొక్కడం అన్నీ అందులోనే జరగాలి.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. ఈ పరీక్షను అందరూ పూర్తిచేయాలని తయారుచేయలేదు. ప్రశ్నలు విడివిడిగా చూస్తే పదో తరగతి గణితం దాటవు. ఇంట్లో తీరిగ్గా కూర్చుంటే చాలామంది వందలో ఎనభైకి పైగా చేయగలరు. ఇక్కడ జ్ఞానంతో పాటు, ఏ ప్రశ్నకు సమయం ఇవ్వాలి, దేనికి ఇవ్వకూడదు అన్న నిర్ణయం కూడా పరీక్షకు గురవుతోంది. అందుకే వదిలేయడాన్ని కూడా లెక్కలు నేర్చుకున్నట్టే నేర్చుకోవాలి.

ముందుగా మార్కుల సంగతి. సరైన జవాబుకు ఒక మార్కు వస్తుంది, తప్పుకు పావు మార్కు పోతుంది, వదిలేస్తే ఏమీ పోదు. ప్రతి ప్రశ్నకూ ఐదు జవాబులిస్తారు. ఏమీ తెలియకుండా గుడ్డిగా గుర్తించే అభ్యర్థి సగటున ఐదింటిలో ఒకటి సరిగ్గా, నాలుగు తప్పుగా పెడతాడు. ఒక మార్కు వచ్చి, నాలుగు పావులు పోయి, చివరికి సున్నా మిగులుతుంది. ఐదింటిలో రెండు కచ్చితంగా కావని తేలితే మాత్రం లెక్క మారుతుంది. మిగిలిన మూడింటిలో ఒకటి పెడితే సగటున ప్రశ్నకు ఆరో వంతు మార్కు లాభం. మూడు తొలగించి రెండింటి మధ్య నిలిస్తే ఆ లాభం మూడో వంతు మార్కుకు పైనే ఉంటుంది. అంటే రెండు జవాబులనైనా కొట్టేయగలిగితే గుర్తించడం మేలు, ఒక్కటీ కొట్టేయలేకపోతే వదిలేయడమే మేలు. ఇది సగటు లెక్క మాత్రమే. నాలుగైదు ప్రశ్నల్లో అదృష్టం ఎటైనా తిరగవచ్చు.

మాక్ టెస్టుల్లో తరచూ కనిపించే తేడా కూడా ఇక్కడిదే. 32 ప్రశ్నలు చేసి 22 సరిగ్గా, 10 తప్పుగా పెట్టిన అభ్యర్థికి 19.5 మార్కులు వస్తాయి. 26 చేసి 24 సరిగ్గా పెట్టిన అభ్యర్థికి 23.5 వస్తాయి. ఎన్ని చేశావని స్నేహితులు అడిగితే మొదటి అభ్యర్థే గట్టిగా జవాబు చెప్పగలడు. ఫలితం మాత్రం రెండో వైపే ఉంటుంది.

రీజనింగ్ విభాగంలో వదిలేసే నిర్ణయం ఎక్కువగా పజిళ్ల దగ్గర వస్తుంది. వరుసగానో వృత్తంగానో కూర్చున్నవాళ్ల గురించి కొన్ని వాక్యాలిచ్చి, వాటి మీద ఐదేసి ప్రశ్నలడుగుతారు. ఇలాంటివి రెండు మూడు వస్తే విభాగంలో పది, పదిహేను మార్కులు వాటి దగ్గరే ఉన్నట్టు. ఒక పజిల్ మూడు నిమిషాల్లో విడిపోతే ఒక్కో మార్కుకు 36 సెకన్లు పట్టినట్టు, అంటే న్యాయమైన ధరే. ఐదు నిమిషాలు తింటే మార్కుకు 60 సెకన్లు. అదే సమయంలో ఇనీక్వాలిటీలు, అక్షరాల వరుసలు, దిక్కుల ప్రశ్నలు పది దాకా చేయవచ్చు, ఎందుకంటే సాధన ఉన్నవాళ్లకు వాటికి 20 నుంచి 30 సెకన్లు చాలు.

మరి ఏ పజిల్ మూడు నిమిషాల్లో విడిపోతుందో మొదలుపెట్టకముందే ఎలా తెలుస్తుంది? ఒక ఉదాహరణ చూడవచ్చు. క, చ, ట, త, ప, మ, ర అనే ఏడుగురు ఉత్తరానికి ముఖం పెట్టి వరుసగా కూర్చున్నారు. క ఒక చివరి నుంచి మూడో స్థానంలో ఉన్నాడు. క, చ మధ్య ఇద్దరున్నారు. చ కు ఆనుకుని ఎడమవైపు ట ఉన్నాడు. ట కు కుడివైపు మూడో స్థానంలో ప ఉన్నాడు. మ, త పక్కపక్కనే ఉన్నారు. మ చివర లేడు.

మొదటి వాక్యంతోనే పజిల్ రెండు దారులుగా చీలుతుంది. ఎడమ నుంచి లెక్కపెట్టినప్పుడు క ఉండేది 3లో గానీ 5లో గానీ. 3లో ఉంటే చ 6లో, ట 5లో ఉండాలి. 5లో ఉంటే చ 2లో, ట 1లో ఉండాలి. రఫ్ కాగితం మీద రెండు వరుసలూ ఒకదాని కింద ఒకటి వేసుకోవాలి. ఒకటి వేసి, అది కుదరకపోతే చెరిపి ఇంకోటి వేసేవాళ్లు ఇక్కడే అర నిమిషం పోగొట్టుకుంటారు. నాలుగో వాక్యం దగ్గర మొదటి దారి మూసుకుపోతుంది. ట 5లో ఉంటే ప ఎనిమిదో స్థానంలో ఉండాలి, కానీ ఉన్నవి ఏడు స్థానాలే. రెండో దారిలో ప 4కు వస్తాడు. ఇక ఖాళీగా ఉన్నవి 3, 6, 7. పక్కపక్కనే ఉండాల్సిన మ, తలకు 6, 7 తప్ప చోటు లేదు. మ చివర ఉండకూడదు కాబట్టి 6లో మ, 7లో త, మిగిలిన 3లో ర. వరుస ట, చ, ర, ప, క, మ, త అని తేలింది.

ఈ పజిల్ త్వరగా విడిపోవడానికి కారణాలు వాక్యాల్లోనే కనబడుతున్నాయి. మొదటి వాక్యం స్థానం చెప్పింది. తర్వాతి మూడూ అప్పటికే దొరికినవాళ్లను ఆధారం చేసుకున్నాయి. ‘లేడు’ అనే వాక్యం ఒక్కటే ఉంది. దీనికి విరుద్ధంగా సగం వాక్యాలు ‘పక్కన లేడు’, ‘చివర లేడు’ అంటూ సాగితే, ఎవరికీ స్థానం దొరక్కుండానే మూడు నాలుగు దారులు తెరుచుకుంటాయి. అందుకని ఒక హద్దు ముందే పెట్టుకోవడం మంచిది. 40 సెకన్లలో ఒక్కరికైనా స్థానం దొరక్కపోయినా, దారులు రెండు దాటినా, ఆ పజిల్‌ను వదిలి ముందుకు వెళ్లాలి. ఈ హద్దును పరీక్ష హాల్లో కూర్చుని నిర్ణయించుకోలేరు. నిమిషంన్నర ఖర్చుపెట్టాక ‘ఇంకొంచెం చూస్తే వచ్చేస్తుంది’ అనిపించడం మామూలే. ఆ మాటను నమ్మి నాలుగు నిమిషాలు పోగొట్టుకోవడమే ఈ విభాగంలో అన్నిటికంటే ఎక్కువ జరిగే నష్టం.

తెలుగులో పరీక్ష రాసేవాళ్లకు ఇంకో జాగ్రత్త అవసరం. క్లర్కు పరీక్షలో గణితం, రీజనింగ్ ప్రశ్నలను తెలుగులోనూ చదువుకోవచ్చు. ‘ఎడమ చివరి నుంచి మూడో వ్యక్తి’ వేరు, ‘క కు ఎడమవైపు మూడో వ్యక్తి’ వేరు. తొందరలో రెండూ ఒకేలా అనిపిస్తాయి. మొదటిది వరుస అంచు నుంచి లెక్క, రెండోది ఒక మనిషి నుంచి లెక్క. సాధనలోనే ఈ మాటలను వేరుచేసి చదివే అలవాటు చేసుకుంటే పజిల్ మధ్యలో వైరుధ్యం వచ్చి మళ్లీ మొదటికి పోయే పని తప్పుతుంది.

గణిత విభాగంలో ఎంపిక ఇంకా సులువు, ఎందుకంటే ప్రశ్నల రకం చూడగానే తెలిసిపోతుంది. మొదటి చుట్టులో సింప్లిఫికేషన్, నంబర్ సిరీస్ చేయాలి. రెండో చుట్టులో పట్టికల ప్రశ్నలు, ఆ తర్వాత లాభనష్టాలు, పడవలు, పని-కాలం వంటి పెద్ద వాక్యాల లెక్కలు. 640లో 35 శాతానికి 18 × 15 కలిపి, 14 వర్గం తీసేయమంటే వచ్చేవి 224, 270, 196. పూర్తిగా కూడి తీసేయకముందే చివరి అంకెలు చూస్తే 4 + 0 − 6, అంటే జవాబు 8తో ముగియాలి. ఇచ్చినవాటిలో 8తో ముగిసేది 298 ఒక్కటే అయితే పని అయిపోయినట్టే. ఈ పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదు. కాబట్టి 30 దాకా వర్గాలు, 15 దాకా ఘనాలు, ఏడో వంతు అంటే 14.28 శాతం వంటి భిన్నాలు నోటికి వచ్చి ఉండాలి. ఇవి వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ ఒక్కో ప్రశ్న దగ్గర పది సెకన్ల తేడా వస్తుంది.

సిరీస్‌లో 7, 8, 18, 57, 232 అని ఇచ్చి తర్వాతిది అడిగితే, ముందు పెరుగుదల వేగం చూడాలి. 57 నుంచి 232 సుమారు నాలుగింతలు, 18 నుంచి 57 మూడింతలు, 8 నుంచి 18 రెండింతలు. అంటే 1తో గుణించి 1, 2తో గుణించి 2, 3తో గుణించి 3 కలుపుతూ పోతున్నారు. 232ను 5తో గుణించి 5 కలిపితే 1165. తేడాలూ చూసి, రెట్లూ చూసి, 25 సెకన్లలో దారి కనబడకపోతే ఆ సిరీస్‌ను వదిలేయాలి. తెరమీద `Mark for Review & Next` నొక్కితే ఆ ప్రశ్న సంఖ్య వేరే రంగులో కనిపిస్తుంది, తిరిగి వెతుక్కోవడం తేలిక. ఒక జవాబు ఎంచుకుని ఈ గుర్తు పెడితే ఈ పరీక్షలో ఆ జవాబునూ దిద్దుతారు. కాబట్టి ఊరికే ఏదో ఒకటి నొక్కి గుర్తు పెట్టడం ప్రమాదం.

విభాగం మొత్తాన్ని వదిలేసే వీలు మాత్రం లేదు. మొత్తం మార్కులతో పాటు ప్రతి విభాగంలోనూ కటాఫ్ దాటాలి. అయితే ప్రిలిమ్స్ మార్కులు తుది ఎంపికలో కలవవు, మెయిన్స్‌కు అర్హత మాత్రమే ఇస్తాయి. బలమైన విభాగంలో చివరి రెండు మార్కుల కోసం పాకులాడేకన్నా, సాధన రోజుల్లో బలహీనమైన విభాగానికి ఎక్కువ గంటలు ఇవ్వడం తెలివైన పని.

నంద్యాల నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా కోచింగ్ సెంటర్లలో మాక్ టెస్టులు విరివిగా రాయిస్తారు. రాసిన తర్వాత ఆ పేపరుతో ఏం చేశారన్నదే ఫలితాన్ని మారుస్తుంది. తప్పులు చూసుకోవడం అందరూ చేస్తారు. సరిగ్గా చేసినా ఎక్కువ సమయం పట్టిన ప్రశ్నలను ఎవరూ పట్టించుకోరు, నిజానికి మార్కులు పోతున్నది అక్కడే. ఒక నోటుపుస్తకంలో ప్రశ్న రకం, పట్టిన సెకన్లు, ఫలితం రాసుకుంటూ పోతే పది మాక్‌లకు ఒక పటం తయారవుతుంది. సిలాజిజమ్‌కు 25 సెకన్లు, రక్తసంబంధాలకు 70 సెకన్లు పడుతున్నాయని తెలిస్తే రక్తసంబంధాలు మొదటి చుట్టులోంచి తప్పించాలి, లేదా వారం రోజులు వాటి మీదే కూర్చోవాలి. వదిలేసిన ప్రశ్నలను ఇంటికొచ్చి గడియారం పెట్టుకుని చేసి చూడాలి. వాటిలో చాలావరకు అర నిమిషంలో అయిపోతుంటే భయంతో వదిలేస్తున్నట్టు. ఎక్కువ భాగం నిమిషం దాటుతుంటే ఎంపిక సరిగ్గానే ఉన్నట్టు.

ఇదే పద్ధతిని ఇంకో పరీక్షకు మార్చకుండా వాడకూడదు. రైల్వే ఎన్‌టీపీసీ మొదటి పరీక్షలో 90 నిమిషాలకు వంద ప్రశ్నలు, విభాగాలవారీ గడియారం లేదు, నాలుగేసి జవాబులుంటాయి, తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది. అక్కడా గుడ్డి ఊహ విలువ సున్నాయే. అయితే జనరల్ అవేర్‌నెస్ త్వరగా ముగించి మిగిలిన సమయాన్ని గణితానికి మళ్లించుకోవచ్చు. ప్రైవేటు కంపెనీల క్యాంపస్ పరీక్షల్లో కొన్నిటికి నెగెటివ్ మార్కులుండవు. అక్కడ ఖాళీ వదలడమే తప్పు, చివరి నిమిషాన్ని మిగిలినవన్నీ నింపడానికి ఉంచుకోవాలి. మరికొన్నిటిలో ముందుకు వెళ్లాక వెనక్కి రానివ్వరు. అలాంటిచోట చుట్ల పద్ధతి పనిచేయదు. ప్రశ్నకు ఒక గరిష్ఠ సమయం పెట్టుకుని, అది దాటగానే ఉన్నవాటిలో నమ్మకమైనది నొక్కి సాగిపోవాలి. ఈ నిబంధనలన్నీ పరీక్షకు ముందు తెరమీద వచ్చే సూచనల పేజీలో ఉంటాయి. నెగెటివ్ మార్కు ఎంత, వెనక్కి రావచ్చా, విభాగానికి విడిగా సమయం ఉందా అన్న మూడూ అక్కడ చూసుకున్నాకే మొదటి ప్రశ్న తెరవాలి.