అడిగింది ఒకటి, కొలిచింది ఇంకొకటి: ఎం.ఏ. డిసర్టేషన్‌లో మెథడాలజీ అధ్యాయం

పోయిన నెల మా హోసూరులో సంఘం సభ్యురాలి కూతురు ఒక ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. సోషియాలజీ ఎం.ఏ. చదువుతోంది. "తాతా, మెథడాలజీ అధ్యాయం గైడు తిప్పి పంపించారు. 'నీ ప్రశ్నలకూ నీ పద్ధతులకూ పొంతన లేదు' అని ఒక్క వాక్యం రాశారు. ఏం మార్చాలో అర్థం కావడం లేదు" అంది. ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టర్లు రాసిన గుమాస్తాను కాబట్టి కూర్చుని చదివాను. మన ఇళ్లలో ఇలాంటి విషయాల మీద పరిశోధన చేసే పిల్లలు ఉన్నారు కనుక మేమిద్దరం చూసింది ఇక్కడ రాస్తున్నాను.

ఆమె ప్రశ్నలు రెండు. తమిళనాడులో తమిళాన్ని పదో తరగతి వరకు తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత మా ఊరి తెలుగు మీడియం బడుల్లో పిల్లల సంఖ్య ఎలా మారింది? తల్లిదండ్రులు పిల్లలను తెలుగు మీడియం నుంచి ఎందుకు మాన్పించారు? ఈ రెంటికీ ఆమె ఎంచుకున్న పద్ధతి ఒక్కటే. ఇరవై ప్రశ్నల గూగుల్ ఫారం చేసి, మన సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి, వంద మంది చేత నింపించాలని. "తెలుగు మీడియం ముఖ్యమని మీరు భావిస్తున్నారా?" లాంటి ప్రశ్నలకు 'పూర్తిగా ఒప్పుకుంటాను' నుంచి 'అసలు ఒప్పుకోను' దాకా ఐదు జవాబులు ఇచ్చింది.

పొంతన కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. పని అంతా అయిపోయిందనుకుని, రాబోయే ఫలితాన్ని ముందే ఒక వాక్యంగా రాసి చూడాలి. "రాయి చూద్దాం" అన్నాను. "వందలో ఎనభై మంది తెలుగు మీడియం ముఖ్యమన్నారు" అని రాసింది. ఇది ఏ ప్రశ్నకు జవాబు? పిల్లల సంఖ్య చెప్పలేదు, మాన్పించిన కారణమూ చెప్పలేదు. అభిప్రాయం మాత్రమే చెప్పింది. ఆ మాట ఆమె నోటే వచ్చింది.

మొదటి ప్రశ్నకు కావలసింది అభిప్రాయం కాదు, లెక్క. అది బడి అడ్మిషన్ రిజిస్టరులో ఉంటుంది. అనుమతి తీసుకుని, పేర్లు రాసుకోకుండా, ఏటా ఒకటో తరగతిలో ఎంతమంది చేరారో ఎత్తి రాసుకోవాలి. చట్టం 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి పైకి వెళ్లి, 2015-16కు పదో తరగతి చేరింది. కనుక 2006కు ముందు కొన్నేళ్ల లెక్క కూడా లేకపోతే 'మార్పు' అనే మాటకు ఆధారం ఉండదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. సంఖ్య తగ్గిందని తేలినా, చట్టం వల్లే తగ్గిందని అనలేం. ఆ చట్టం తమిళాన్ని ఒక పాఠ్యాంశంగా తప్పనిసరి చేసింది. మీడియం మార్చమని చెప్పలేదు. అదే ఊళ్లో తమిళ మీడియం బడుల లెక్క కూడా పక్కన పెట్టి చూడాలి. అక్కడా అలాగే తగ్గి ఉంటే, ప్రైవేటు ఇంగ్లీషు బడుల లాగుడు కూడా కారణం కావచ్చు.

రెండో ప్రశ్న 'ఎందుకు' అని అడుగుతుంది. ఫారంలో కారణాలు మనమే రాసిపెడితే, మనకు తోచని కారణం బయటికి రాదు. పిల్లను మాన్పించిన తల్లిదండ్రుల ఎదుట కూర్చుని, ఆ సంవత్సరం ఇంట్లో ఏం జరిగింది, నిర్ణయం ఎవరు తీసుకున్నారు అని అడిగి, వాళ్ల మాటల్లోనే వినాలి. పది పన్నెండు కుటుంబాలతో గంటసేపు మాట్లాడినా ఈ స్థాయికి సరిపోతుంది. అయితే 'ఊరందరి కారణం ఇదే' అని మాత్రం రాయకూడదు.

అసలు పెద్ద లోపం మన గ్రూపే. సంఘంలో ఉన్నవాళ్లు ఎక్కువగా తెలుగును పట్టుకుని ఉన్నవాళ్లు. వదిలేసినవాళ్లు ఆ గ్రూపులో ఎందుకుంటారు? వాళ్లను వదిలి వాళ్ల కారణం రాస్తే ఎలా? ఆ ఫలితం చూసి రేపు ఎవరైనా "తెలుగువాళ్లు సంతోషంగానే ఉన్నారు, బడికి ఇబ్బంది లేదు" అంటే మన దగ్గర జవాబు ఉండదు. రిజిస్టరులో టీసీ తీసుకున్నవాళ్లు ఉంటారు. బడి వాళ్ల ద్వారా కబురు పంపి, ఇష్టపడినవాళ్లతోనే మాట్లాడమన్నాను.

చివరికి ఒక కాగితం మీద నాలుగు గడులు గీశాం. ప్రశ్న, దానికి కావలసిన ఆధారం, అది ఎవరి దగ్గర దొరుకుతుంది, దొరికాక దాన్ని ఏం చేస్తాం. ఏ అడ్డవరసలోనైనా ఒక గడి ఖాళీగా ఉంటే పద్ధతి మార్చాలి, లేదా ప్రశ్న మార్చాలి. ఆమెకు మూడు నెలలే గడువు. రెండు బడుల రిజిస్టర్లు, పది కుటుంబాలు ఉంచుకుని, ఫారం తీసేసింది. 'చట్టం ప్రభావం' అనే మాటను కూడా శీర్షికలోంచి కొట్టేసి, 'చట్టానికి ముందు, తర్వాత' అని రాసుకుంది. గైడు ఈసారి అధ్యాయం తిప్పి పంపలేదు. రిజిస్టర్లు చూడటానికి అనుమతి కోసం ఇప్పుడు ఆమె బడికి దరఖాస్తు పెట్టుకుంది.